తాళం వేయండి, కానీ వేశామని చెప్పండి

తణుకులో మా మావయ్యకు కిరాణా కొట్టు ఉంది. పోయిన నెల ఒక బుధవారం రాత్రి ఆయన ఫోను నీళ్ళ తొట్టిలో పడింది. గురువారం పొద్దున్నే కొత్త ఫోను కొన్నారు. పాత సిమ్ అందులో పెడితే పని చేయలేదు. ఏడెనిమిదేళ్ళ నాటి సిమ్, అంచు దగ్గర చిట్లి ఉంది. టెలికాం కంపెనీ షాపుకెళ్ళి, ఆధార్ చూపించి, వేలిముద్ర వేసి అదే నంబరుకు కొత్త సిమ్ తీసుకున్నారు. మధ్యాహ్నం మూడున్నరకు సిగ్నల్ వచ్చింది. కాల్స్ వెళ్తున్నాయి, వస్తున్నాయి, ఇంటర్నెట్ కూడా ఉంది. షాపులో అబ్బాయి "అంతా ఓకే అంకుల్" అని పంపించేశాడు.

అక్కడి నుంచి ఆ ఫోనులో యూపీఐతో ఆయన తన సరుకు బాకీ పూర్తిగా కట్టేసరికి శనివారం రాత్రి ఎనిమిది దాటింది. దాదాపు యాభై మూడు గంటలు. ఆ యాభై మూడు గంటల్లో ఏ గంట ఎందుకు పోయిందో కూర్చుని లెక్క వేశాను. కొన్ని గంటలు పోవాల్సినవే, వాటి మీద నాకు ఫిర్యాదు లేదు. మిగతావి మాత్రం ఎవరూ ఒక్క మాట చెప్పకపోవడం వల్ల పోయాయి. ఈ వ్యాసం ఆ మాట గురించే.

## కొట్టులో పెట్టె మాట్లాడుతూనే ఉంది

గురువారం సాయంత్రం ఆరింటికి మావయ్య నాకు ఫోన్ చేశారు. "ఒరేయ్, పేమెంట్ యాప్ తెరుస్తుంటే ఏదో వెరిఫికేషన్ అంటోంది, గుండ్రంగా తిరిగి తిరిగి ఫెయిల్ అంటోంది. శుక్రవారం గూడెం హోల్‌సేల్ ఆయనకు పద్దెనిమిది వేల నాలుగు వందలు కట్టాలి. కట్టకపోతే సరుకు బండి ఎక్కించరు."

తెర మీద ఏముందో అక్షరం అక్షరం చదవమన్నాను. Device verification failed, దాని కింద Unable to send SMS. అప్పటికే ఐదారు సార్లు నొక్కారట.

ఆయన మాట్లాడుతుంటే వెనక నుంచి సౌండ్‌బాక్స్ "నలభై రూపాయలు అందాయి" అంటోంది. కాసేపటికి "నూట పది రూపాయలు అందాయి" అంది. ఆ పెట్టెలో దాని సిమ్ దానికి వేరే ఉంటుంది, గోడ మీద క్యూఆర్ కోడ్ ఆయన బ్యాంకు ఖాతాకు ముడిపడి ఉంటుంది. కాబట్టి ఆయన ఫోను ఉన్నా లేకపోయినా డబ్బు లోపలికి వస్తూనే ఉంటుంది. బయటికి పంపడానికి మాత్రం ఆయన చేతిలోని ఫోనూ సిమ్మూ కలిసి "ఇది ఆయనే" అని సాక్ష్యం చెప్పాలి. ఆ సాక్ష్యం దగ్గరే ఆగిపోయింది. తన డబ్బు వస్తున్నట్టు చెవులతో వింటూ, చేత్తో ఒక్క రూపాయి పంపలేకపోవడం ఆయనకు చాలా కష్టంగా తోచింది. "నా డబ్బుకి నన్నే దొంగని చేసినట్టుందిరా" అన్నారు.

## ఆ ఎస్సెమ్మెస్ ఎందుకు వెళ్ళాలి

ఓటీపీ మనకు వస్తుంది, దాన్ని మనం కొడతాం. యూపీఐ యాప్ మొదటిసారి పెట్టేటప్పుడు జరిగేది దీనికి తలకిందులు. యాప్ మన సిమ్ నుంచి బయటికి ఒక ఎస్సెమ్మెస్ పంపుతుంది. అందులో చదివితే అర్థం కాని అక్షరాల గుంపు ఒకటి ఉంటుంది. అది యాప్ వెనకున్న బ్యాంకు పెట్టుకున్న ఒక నంబరుకు చేరుతుంది. పంపిన నంబరు ఏదో టెలికాం నెట్‌వర్కే చెప్తుంది కాబట్టి, మనం నంబరు టైపు చేసి అబద్ధమాడే వీలుండదు. ఈ అక్షరాలు ఫలానా ఫోనులో పుట్టాయి, ఫలానా నంబరు నుంచి వచ్చాయి, ఆ రెండింటినీ జత కట్టు అని సర్వరు రాసుకుంటుంది. దీన్నే డివైస్ బైండింగ్ అంటారు. యూపీఐలో మొదటి తాళం ఇదే, పిన్ రెండోది. ఫోను మారినా సిమ్ మారినా మొదటి తాళం మళ్ళీ వేయాలి. పిన్ మాత్రం బ్యాంకు దగ్గర ఉంటుంది కాబట్టి పాతదే పని చేస్తుంది.

ఇంటర్నెట్ ఉండగా ఈ పాతకాలపు ఎస్సెమ్మెస్ ఎందుకు అని నేనూ ఒకప్పుడు విసుక్కున్నవాణ్ణే. కానీ మోసాలు ఎలా జరిగాయో చూస్తే దాని విలువ తెలుస్తుంది. ఓటీపీని మనిషిని మాటల్లో పెట్టి చెప్పించుకోవచ్చు. బయటికి వెళ్ళే ఎస్సెమ్మెస్‌ను చెప్పించుకోలేరు, దాన్ని పంపించాలి. అందుకే కొన్నేళ్ళ కిందట మోసగాళ్ళు ఇంకో దారి పట్టారు. వాళ్ళ ఫోనులో పుట్టిన ఆ అక్షరాల గుంపును మనకు మెసేజ్ చేసి, "దీన్ని ఈ నంబరుకు ఫార్వర్డ్ చేయండి, మీ కేవైసీ పూర్తవుతుంది" అనేవారు. ఫార్వర్డ్ చేస్తే మన నంబరు వాళ్ళ ఫోనుకు జతపడిపోయేది. ఇప్పుడు ట్రాఫిక్ చలాన్ పేరుతోనో పీఎం కిసాన్ పేరుతోనో వాట్సాప్‌లో వచ్చే, నొక్కితే ఫోనులో యాప్ ఎక్కించే ఏపీకే ఫైళ్ళు ఎస్సెమ్మెస్ అనుమతి అడిగేది కూడా ఇలాంటి పనులకే. కాబట్టి ఈ తాళం విరగనిదని నేను అనను. కానీ ఉన్నవాటిలో గట్టిది.

ఐఫోనులో ఈ పని ఇంకాస్త కనిపిస్తుంది. యాప్ తనంతట తాను ఎస్సెమ్మెస్ పంపడానికి అక్కడ వీలుండదు. మెసేజ్ తెర తెరిచి, అక్షరాలు నింపి, మనల్ని సెండ్ నొక్కమంటుంది. ఆండ్రాయిడ్‌లో అంతా తెర వెనకే జరుగుతుంది. అందుకే మా మావయ్యలాంటి వాళ్ళకు తమ ఫోను ఒక ఎస్సెమ్మెస్ పంపాలని ప్రయత్నిస్తోందనే తెలియదు. ఏం జరగాలో తెలియనప్పుడు ఏది జరగలేదో ఎలా తెలుస్తుంది?

## మొదటి ఇరవై నాలుగు గంటలు

నేను మావయ్యతో మొదట చేయించిన పని, యాప్ మూసేసి మామూలు మెసేజ్ నుంచి నా నంబరుకు "హలో" అని పంపమనడం. వెళ్ళలేదు. పక్కన ఎర్రగా గుర్తు వచ్చింది. తర్వాత నేను ఆయనకు పంపాను. చేరలేదు. పొద్దుటి నుంచి బ్యాంకు మెసేజ్‌లు ఏమైనా వచ్చాయా అని అడిగాను. కొట్టులో అన్ని పేమెంట్లు పడుతున్నా ఒక్కటీ రాలేదన్నారు.

పోవడం లేదు, రావడం లేదు, కాల్స్ మాత్రం బాగున్నాయి. ఈ మూడూ కలిస్తే ఒకటే అర్థం. పాత నంబరుకు కొత్త సిమ్ తీసుకున్నప్పుడు మొదటి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రెండు వైపులా ఆపేయాలని టెలికాం శాఖ కంపెనీలకు ఆదేశమిచ్చింది. 2022 నవంబరులో దీన్ని గట్టిగా చెప్పింది. సిమ్ పోయిందనో, పాతది మారుస్తున్నామనో, ఈసిమ్ చేసుకుంటున్నామనో, కారణమేదైనా ఇదే.

ఈ నిబంధన వెనక నష్టపోయినవాళ్ళున్నారు. ఎవరో మన పేరుతో దొంగ కాగితాలు చూపించి మన నంబరుకు కొత్త సిమ్ తీసుకుంటారు. మన ఫోనులో సిగ్నల్ పోతుంది. నెట్‌వర్క్ ప్రాబ్లమ్ అనుకుని మనం పడుకుంటాం. ఆ రాత్రే ఓటీపీలన్నీ వాడికి వెళ్తాయి, తెల్లారేసరికి ఖాతా ఖాళీ. ఆ ఒక్క రాత్రిని దొంగ చేతిలోంచి లాక్కోవడమే ఈ 24 గంటల పని. అసలు యజమాని సిగ్నల్ లేదని గమనించి, షాపుకు పరుగెత్తి, తన నంబరు తాను వెనక్కి తెచ్చుకునే టైము అది.

కాబట్టి గురువారం మూడున్నర నుంచి శుక్రవారం మూడున్నర వరకు పోయిన గంటల మీద నాకు కోపం లేదు. మావయ్యకు అదే చెప్పాను. ఆయన విని, "అయితే ఆ మాట షాపులో అబ్బాయి చెప్పొచ్చు కదరా. పద్దెనిమిది వేలు పొద్దున్నే చేతికి తెచ్చుకునేవాణ్ణి" అన్నారు.

ఎస్సెమ్మెస్ ఆపేశామని ఎస్సెమ్మెస్‌లో చెప్పలేరు, నిజమే. కానీ కాల్స్ పని చేస్తున్నాయి. సిమ్ మొదలవగానే రికార్డు చేసిన గొంతుతో ఒక కాల్, "మీ నంబరుకు రేపు మూడున్నర వరకు మెసేజ్‌లు ఉండవు, పేమెంట్ యాప్‌లు అప్పటిదాకా రిజిస్టర్ కావు" అని తెలుగులో చెప్తే చాలు. కాలర్ ట్యూన్ పెట్టుకోమని రోజుకు మూడు కాల్స్ చేయగలిగినవాళ్ళకు ఇదొక భారం కాదు. సిమ్ ఇచ్చే కవరు మీద ఒక్క వాక్యం అచ్చు వేయొచ్చు. ఆ కౌంటరు దగ్గర కాగితం అంటించొచ్చు.

## చెప్పకపోతే మనిషి ఎక్కడికి వెళ్తాడు

ఈ మాట చెప్పకపోవడం చిన్న అసౌకర్యమని అనుకునేవాణ్ణి. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేయడానికి ముందు ఏం జరిగిందో మావయ్య చెప్పాక ఆ అభిప్రాయం పోయింది.

యాప్‌లో ఫెయిల్ ఫెయిల్ అని వస్తుంటే, పక్క కొట్టు కుర్రాడు ఇంటర్నెట్‌లో ఆ యాప్ పేరు కొట్టి, పక్కన కస్టమర్ కేర్ నంబరు అని వెతికాడట. ఒక పది అంకెల మొబైల్ నంబరు దొరికింది. చేశారు. అవతల మనిషి చాలా మర్యాదగా మాట్లాడాడట. "సర్, మీ డివైస్ వెరిఫికేషన్ ఫెయిల్ అయింది కదా, సర్వర్‌లో బ్లాక్ అయింది, నేను క్లియర్ చేస్తాను, ఒక చిన్న యాప్ వేసుకోండి" అన్నాడట. ఆ యాప్ మన తెరను అవతలివాడికి చూపించే రకం. మావయ్య వేసుకోవడానికి సిద్ధమయ్యారు కూడా. తర్వాత డెబిట్ కార్డు నంబరు చెప్పమనేసరికి అనుమానం వచ్చి కాల్ కట్ చేశారు.

ఆలోచించండి. దొంగ నుంచి కాపాడాలని ఎస్సెమ్మెస్ ఆపారు. ఎందుకు ఆపారో చెప్పకపోవడం వల్ల ఆ మనిషి తన కాళ్ళతో తానే దొంగ దగ్గరికి నడిచి వెళ్ళాడు. నకిలీ కస్టమర్ కేర్ నంబర్లు పెట్టుకుని కూర్చున్నవాళ్ళకు కావాల్సింది సరిగ్గా ఇలాంటి మనిషే. అవసరంలో ఉన్నాడు, కంగారుగా ఉన్నాడు, ఏం తప్పు జరిగిందో తెలియదు, ఎవరో ఒకరు బాగు చేస్తే చాలనుకుంటున్నాడు. "కొత్త సిమ్ కదా, రేపు సాయంత్రం దాకా ఆగాలి" అనే ఒక్క వాక్యం తెర మీద ఉండి ఉంటే ఆయన ఆ నంబరు వెతికేవారు కాదు.

అందుకే ఈ మాట తెర మీద ఉండటాన్ని సౌకర్యంగా చూడకూడదు. అది భద్రతలో భాగం. 24 గంటల తాళం ఎంత ముఖ్యమో, తాళం వేశామని చెప్పడమూ అంతే ముఖ్యం.

దీనికి రెండు అభ్యంతరాలు విన్నాను. మొదటిది పేమెంట్ సాఫ్ట్‌వేర్ రాసే స్నేహితుడొకరు చెప్పింది. యాప్‌కు కూడా కారణం తెలియదు, ఎస్సెమ్మెస్ వెళ్ళకపోతే ఆండ్రాయిడ్ చాలాసార్లు "ఫెయిల్ అయింది" అని మాత్రమే చెప్తుంది, నెట్‌వర్క్ ఆపిందా, బ్యాలెన్స్ లేదా, అన్నది చెప్పదు అన్నాడు. ఇది నిజం, నేను తేలిగ్గా తీసేయను. కానీ యాప్ కచ్చితంగా చెప్పలేకపోయినా అడగగలదు కదా. "గత 24 గంటల్లో సిమ్ మార్చారా?" అని ఒక ప్రశ్న, అవును నొక్కితే "రేపు ఇదే టైముకు ప్రయత్నించండి, ఈలోపు ఎవరికీ ఫోన్ చేయాల్సిన పని లేదు" అని ఒక జవాబు. డాక్టరు కూడా స్కానింగ్ కంటే ముందు ఎప్పటి నుంచి నొప్పి అని అడుగుతాడు. కొన్ని యాప్‌ల సహాయ పేజీల్లో ఈ సంగతి రాసి ఉంది కూడా. మూడు నాలుగు తెరలు లోపలికెళ్ళి, ఇంగ్లీషులో చదివితే దొరుకుతుంది. ఫెయిల్ అయిన చోట, తెలుగులో ఉండాలి.

రెండోది, ఇవన్నీ చెప్తే మోసగాడికీ తెలిసిపోతుంది కదా అని. సిమ్ దొంగలించేవాడికి ఈ నిబంధన ఎప్పుడో తెలుసు, వాడి వృత్తే అది. తెలియనిది మా మావయ్యకే.

## రెండో గోడ, ఒక రూపాయి

శుక్రవారం పొద్దున మావయ్య బ్యాంకుకు వెళ్ళారు. కౌంటరులో ఉన్న ఉద్యోగి "అది యాప్‌వాళ్ళ సమస్య" అన్నారట. టెలికాం కస్టమర్ కేర్‌కు చేస్తే "మీ సిమ్ యాక్టివ్‌గానే ఉంది సర్" అన్నారు. యాప్‌లో చాట్ చేస్తే "ఎస్సెమ్మెస్ పంపే వీలుందో లేదో చూసుకోండి" అని వచ్చింది. ముగ్గురూ అబద్ధం చెప్పలేదు. ఎవరి గది వాళ్ళు చూసుకున్నారు, మనిషి నడిచే వరండా మాత్రం ఎవరిదీ కాదు.

మూడున్నర దాటాక, నాలుగు ప్రాంతంలో బ్యాంకు మెసేజ్‌లు టపటపా రావడం మొదలైంది. మావయ్య సంబరంగా ఫోన్ చేశారు. మళ్ళీ నాకు "హలో" పంపమన్నాను. మళ్ళీ ఎర్ర గుర్తు.

ఇక్కడ నేనూ కాసేపు తికమకపడ్డాను. లోపలికి వస్తున్నాయి, బయటికి పోవడం లేదు. అంటే 24 గంటల తాళం తీసేశారు, ఇది ఇంకేదో. కొత్త ఫోనుల్లో ఒక్కోసారి ఎస్సెమ్మెస్‌లను ముందుకు పంపే మెసేజ్ సెంటర్ నంబరు ఖాళీగా ఉండి ఇలా అవుతుంది. కానీ దాని జోలికి వెళ్ళే ముందు రీఛార్జి అడిగాను. ఆయన వేసుకునేది చవక ప్యాకు. కాల్స్, కాస్త డేటా, ఎక్కువ రోజుల గడువు. అందులో ఎస్సెమ్మెస్‌లు లేవు. అలాంటప్పుడు ఒక్కో ఎస్సెమ్మెస్‌కు రూపాయో రూపాయిన్నరో మెయిన్ బ్యాలెన్స్ నుంచి తీసుకుంటారు. మెయిన్ బ్యాలెన్స్ ఎంతుందని చూస్తే సున్నా.

యాప్ పంపే ఆ ఎస్సెమ్మెస్ ఉచితం కాదని ఎంతమందికి తెలుసు? అది మామూలు నంబరుకు వెళ్ళే మామూలు ఎస్సెమ్మెస్. ప్యాకులో ఉంటే అందులోంచి, లేకపోతే బ్యాలెన్స్‌లోంచి. రెండూ లేకపోతే యూపీఐ తలుపు తెరుచుకోదు. నేను ఇక్కడి నుంచి పది రూపాయల టాప్‌అప్ వేశాను. పన్నులవీ పోను ఏడున్నర రూపాయల లోపు బ్యాలెన్స్ చేరింది. "హలో" వచ్చేసింది.

పద్దెనిమిది వేల నాలుగు వందల పేమెంటు ఒక్క రూపాయి బ్యాలెన్స్ లేక ఆగింది. 24 గంటల తాళానికి ఒక కారణం ఉంది, దీనికి ఏ కారణమూ లేదు. ఎవరినీ కాపాడటం లేదు. ఖరీదైన ప్యాకు వేసుకునేవాడికి ఈ గోడ కనిపించనే కనిపించదు. తక్కువ రీఛార్జితో నెట్టుకొచ్చేవాడికే తగులుతుంది.

దీన్ని తీసేయడం కుదరని పనేమీ కాదు, ఇదివరకు ఒకసారి చేశారు. నంబరు పోర్టు చేసుకోవాలంటే 1900కు ఎస్సెమ్మెస్ పంపాలి కదా. చవక ప్యాకుల్లో ఎస్సెమ్మెస్‌లు లేక జనం పోర్టు కాలేకపోతున్నారని ఫిర్యాదులు వస్తే, 2021 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక ఆదేశమిచ్చింది. ఏ ప్యాకు వేసుకున్నా, ఎంత చిన్న ప్యాకైనా, 1900కు ఎస్సెమ్మెస్ వెళ్ళేలా చూడాలని. కంపెనీ మారే హక్కుకు ఆ రక్షణ ఇచ్చినప్పుడు, తన బ్యాంకు ఖాతాను తాను వాడుకునే హక్కుకు ఎందుకివ్వకూడదు? బ్యాంకులు పెట్టుకున్న ఆ నంబర్లు వేలల్లో ఉండవు. వాటి జాబితా తయారు చేసి, వాటికి వెళ్ళే ఎస్సెమ్మెస్‌లను ప్యాకుతో సంబంధం లేకుండా పంపించమంటే సరిపోతుంది. సిమ్ మార్చిన మొదటి 24 గంటల్లో మాత్రం వాటిని కూడా ఆపాల్సిందే. అక్కడ మినహాయింపు ఇస్తే తాళమే పోతుంది.

## తెలియక వేసుకున్న గోడ

ఎస్సెమ్మెస్ వెళ్తోంది కదా, ఇప్పుడు యాప్ తెరవండి మావయ్యా అన్నాను. తెరిస్తే ఎక్కువసార్లు ప్రయత్నించారు, 24 గంటల తర్వాత రండి అని వచ్చింది.

గురువారం సాయంత్రం నేను ఆగమన్నాక కూడా, మనసొప్పక రాత్రి ఎనిమిది దాకా మళ్ళీ మళ్ళీ నొక్కారట. వరసగా విఫలమైతే కొంతసేపు ఆపేయడం చాలా యాప్‌లలో ఉంది. ఎవరో ఆగకుండా ప్రయత్నిస్తుంటే అనుమానించడం తప్పు కాదు. కానీ ఆయన ఎందుకు నొక్కారు? ఎంతసేపు నొక్కినా ఆ రాత్రి పని జరగదని ఎవరూ చెప్పలేదు కాబట్టి. తెర మీద Try again అనే బటన్ ఉంది, ఆయన ట్రై చేశారు. జరగదని తెలిసిన చోట ఆ బటన్ పెట్టి, నొక్కినందుకు ఇంకో రోజు శిక్ష వేయడం న్యాయం కాదు.

ఆఖరిసారి నొక్కింది గురువారం రాత్రి ఎనిమిదికి కాబట్టి, శుక్రవారం రాత్రి ఎనిమిదికి ఆ గడువు తీరింది. ఈసారి నేను కాల్‌లో ఉండి ఒక్కో అడుగూ చేయించాను. ఆయన ఫోనులో రెండు సిమ్‌లున్నాయి, రెండోది అత్తయ్య పాత నంబరు. యాప్ ఏ సిమ్ అని అడిగినప్పుడు బ్యాంకులో ఉన్న నంబరు సిమ్మే ఎంచుకోవాలి. ఫోను సెట్టింగులలో ఎస్సెమ్మెస్‌లకు ఏ సిమ్ అన్నచోట కూడా అదే పెట్టమన్నాను. కొన్ని ఫోనులు మధ్యలో "ఈ యాప్ ఎస్సెమ్మెస్ పంపాలనుకుంటోంది, డబ్బులు పడొచ్చు" అని భయపెడుతూ అడుగుతాయి. భయపడి వద్దంటే మళ్ళీ అదే ఫెయిల్. ఈయనకూ వచ్చింది, అనుమతించమన్నాను. గుండ్రంగా తిరిగింది, ఆగింది, పచ్చ టిక్కు పడింది. బ్యాంకు ఖాతా కనిపించింది. పాత పిన్ను పని చేసింది.

ఎస్సెమ్మెస్ మెట్టు దాటాక "ఈ నంబరుకు ఖాతా లేదు" అని వస్తే మాత్రం అది వేరే జబ్బు. బ్యాంకులో ఇంకో నంబరు ఉందన్నమాట, దానికి బ్రాంచికే వెళ్ళాలి. మావయ్యకు ఆ ఇబ్బంది రాలేదు.

పద్దెనిమిది వేల నాలుగు వందలు కొట్టి పంపారు. వెళ్ళలేదు. కొత్త ఫోనులో రిజిస్టర్ అయిన మొదటి 24 గంటలు 5,000 రూపాయల వరకే పంపొచ్చు. ఐఫోను అయితే చాలా బ్యాంకుల్లో ఇది 72 గంటలు. ఇది కూడా సిమ్ దొంగలను దృష్టిలో పెట్టుకుని పెట్టిందే, ఇదీ ఉండాల్సిందే. ఇది నేను ముందే చెప్పాల్సింది, నాకూ గుర్తు రాలేదు. ఐదు వేలు ఆ రాత్రి పంపి, మిగతా పదమూడు వేల నాలుగు వందలు శనివారం రాత్రి ఎనిమిది దాటాక పంపారు. హోల్‌సేల్ ఆయన పరిచయస్తుడు కాబట్టి ఐదు వేలకు సగం సరుకు ఎక్కించాడు.

## దూరంగా ఉన్నవాళ్ళు

ఇదంతా విని డల్లాస్‌లో ఉండే స్నేహితుడు తన కథ చెప్పాడు. అమ్మ మందుల కోసం ఇక్కడి ఖాతా నుంచి నెలనెలా పంపుతుంటాడు. అక్కడ కొత్త ఫోను కొన్నాడు. ఇండియా సిమ్ వేశాడు కానీ రోమింగ్ ప్యాకు లేదు, ఎస్సెమ్మెస్ బయటికి పోలేదు. Wi-Fi బ్రహ్మాండంగా ఉంది, యాప్‌లో అదే ఫెయిల్. ఇంటర్నెట్ ఎంత ఉన్నా ఈ మెట్టుకు పనికి రాదని అతనికి అప్పుడే తెలిసింది. ప్రవాస భారతీయులకిచ్చే ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలున్నవాళ్ళు అమెరికా, బ్రిటన్, ఖతార్, ఎమిరేట్స్ వంటి పది దేశాల నంబర్లతోనే యూపీఐ పెట్టుకోవచ్చని 2023 జనవరిలో యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ వీలు కల్పించింది. దానికి ఖాతాలో ఆ విదేశీ నంబరు ముందే నమోదై ఉండాలి. ఇతనికి లేదు. చివరికి రెండు రోజుల రోమింగ్ ప్యాకు కొని ఒక్క ఎస్సెమ్మెస్ పంపాడు.

అతనికి డబ్బుతో పరిష్కారం దొరికింది, మావయ్యకు హోల్‌సేల్ ఆయన మంచితనంతో. ఆ రెండూ లేనివాళ్ళు ఎంతమంది ఉంటారో అని నాకు బెంగ. ఆసుపత్రి కౌంటరు దగ్గర నిలబడి, పొద్దున్నే సిమ్ మార్చిన ఫోనుతో ఫెయిల్ ఫెయిల్ అని చూస్తూ, పక్కవాడు వెతికిచ్చిన నంబరుకు ఫోన్ చేసేవాళ్ళు.

మా ఇంట్లో తర్వాతి వంతు అమ్మది. ఆమె సిమ్ పాతది, ఫోనుతో పాటు అదీ మార్చాలి. పాత ఫోనులో చిన్న చెల్లింపులకు విడిగా పెట్టుకునే యూపీఐ లైట్‌లో మూడు వందలు ఉన్నాయి, ఫోను మార్చే ముందు లైట్‌ను ఆపేస్తే అవి ఖాతాలోకి తిరిగి వచ్చేస్తాయి, అది చేయించాను. ఆమె ప్యాకులో ఎస్సెమ్మెస్‌లు ఉన్నాయో లేదో చూశాను, ఉన్నాయి. చీటీ డబ్బు పదో తారీఖున కట్టాలి. సిమ్ పదకొండున మారుద్దాం, మర్నాటి దాకా యాప్ తెరవొద్దు, ఐదు వందలు చేతిలో ఉంచుకో అని చెప్పాను.

"ఇవన్నీ షాపువాళ్ళే చెప్తారు కదరా" అంది. చెప్పరమ్మా, అందుకే నేను చెప్తున్నాను అన్నాను.